పాత వెంచర్‌లో ప్లాటు: గజాల వెనక ఉన్న ఎకరాల చరిత్ర

రీసేల్ ప్లాటు కొనబోయేవాళ్ల చేతికి మామూలుగా మూడు కాగితాలు వస్తాయి. అమ్మేవారి సేల్ డీడ్ జిరాక్స్, దానికి ముందున్న లింకు డాక్యుమెంటు జిరాక్స్, మధ్యవర్తి తీయించి ఇచ్చిన ఈసీ. ఈసీలో అమ్మేవారి పేరు కనబడగానే ‘క్లియర్ టైటిల్ సార్’ అంటారు. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేసేవాళ్లున్నారు. కానీ ఈ మూడు కాగితాలూ చెప్పేది నేల గజాలుగా మారిన తర్వాతి సంగతే. అంతకుముందు అది ఎవరి ఎకరం, ఏ రకం భూమి, ఆ రైతు చేతిలోంచి ఎలా బయటికొచ్చింది అన్నవి రెవెన్యూ రికార్డుల్లో ఉంటాయి. ఇక సంతకం పెట్టబోయే మనిషి నిజంగా ఆ డీడ్‌లోని మనిషేనా అన్నది మనంతట మనమే తేల్చుకోవాలి. ప్లాటు చరిత్రకు ఒక కొస రైతు, మరో కొస అమ్మకందారు. మధ్యలో ఉన్న డాక్యుమెంట్లను అందరూ చూస్తారు. ఈ రెండు కొసల్ని చూసేవాళ్లు తక్కువ.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. నంబర్లు, తేదీలు కల్పించినవే అయినా హైదరాబాద్ చుట్టుపక్కల పాత వెంచర్లలో ఇలాంటి కాగితాలు మామూలే. రంగారెడ్డి జిల్లాలో ఒక ఊరు. సర్వే నంబరు 86, విస్తీర్ణం 4 ఎకరాల 20 గుంటలు. పట్టాదారులు ఇద్దరు అన్నదమ్ములు. 1995లో వాళ్లు వెంచర్ వేసే ఒకతనికి జీపీఏ రాసిచ్చారు. అతను గ్రామ పంచాయతీ లేఅవుట్ పేరుతో 96 ప్లాట్లు చేసి, 1997 ఫిబ్రవరిలో 47వ నంబరు ప్లాటు, 200 గజాలు, ఒక ఉద్యోగికి రిజిస్టర్ చేశాడు. ఆ ఉద్యోగి 2009లో మరొకరికి అమ్మాడు. ఇప్పుడు అమ్మకానికి పెట్టింది ఆ రెండో కొనుగోలుదారు. కొనాలనుకుంటున్నది మొదటిసారి స్థలం కొంటున్న ఒక కుటుంబం.

ఈసీ మీరే తీయండి

ఈసీని మధ్యవర్తి ఇస్తే తీసుకోండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు. తెలంగాణలో registration.telangana.gov.in లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనూ ఎవరైనా వెతకవచ్చు. అక్కడ 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. డాక్యుమెంటు నంబరు కొట్టి వెతికితే ఆ డాక్యుమెంటుకు సంబంధించిన వరసే వస్తుంది. అదే ప్లాటును వేరే వరసలో ఇంకొకరికి అమ్మి ఉంటే అది కనబడకపోవచ్చు. కాబట్టి ఊరి పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇచ్చి ఒకసారి, ప్లాటు నంబరు లేకుండా సర్వే నంబరు ఒక్కటే ఇచ్చి మరోసారి వెతకాలి. రెండో వెతుకులాటలో పేజీలకు పేజీలు వస్తాయి. ఓపిగ్గా చదవాల్సింది అవే.

ఎందుకంటే ఒకే ప్లాటును జీపీఏదారు ఇద్దరికి రిజిస్టర్ చేసిన సందర్భాల్లో మామూలుగా ముందు పుచ్చుకున్నవారి హక్కే నిలుస్తుంది. మన వరసలోని మొదటి డీడ్ 1997ది అయితే, 1996లో ఇంకొకరి పేరున అదే 47వ నంబరు ప్లాటు ఉండకూడదు. 2009 డీడ్ ఎంత శుభ్రంగా ఉన్నా మొదటి మెట్టు తప్పితే పైవన్నీ తప్పినట్టే.

ఆ పేజీలతో మరో పని కూడా చేయవచ్చు. ఎకరానికి 4,840 గజాలు, గుంటకు 121. మన ఉదాహరణలో 4 ఎకరాల 20 గుంటలంటే 21,780 గజాలు. లేఅవుట్ కాగితం మీద 96 ప్లాట్ల మొత్తం 13,900 గజాలు వచ్చిందనుకుందాం. అంటే దాదాపు 64 శాతం. మిగిలినది రోడ్లు, పార్కు. నమ్మదగిన లెక్కే. కానీ సర్వే నంబరు ఈసీలో 97 నుంచి 104 దాకా కూడా ప్లాట్లు అమ్ముడైనట్టు కనబడితే, లేఅవుట్ కాగితంలో లేని ఆ ఎనిమిదీ పార్కు జాగాలో పుట్టినవై ఉండవచ్చు. మనది 47 కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. అదే 101వ నంబరు ప్లాటు ‘కాస్త తక్కువకే ఇస్తాం’ అంటూ వస్తే ఎందుకు తక్కువో ఈ కూడిక చెబుతుంది. అమ్మిన గజాలన్నీ కలిపితే భూమి మొత్తాన్నే మించిపోతున్న వెంచర్లో ఏ ప్లాటూ కొనకండి. ఎవరి నేల ఎవరిదో అక్కడ రిజిస్ట్రేషన్ కాగితం తేల్చలేదు.

ఈసీలో కనబడనివి కూడా ఉన్నాయి. అందులో వచ్చేవి రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకానికి ఎక్కిన లావాదేవీలు. వీలునామాలు మూడో పుస్తకంలోనూ, ఉత్త జీపీఏలు నాలుగో పుస్తకంలోనూ ఉంటాయి. వాటి నకళ్లు బయటివాళ్లకు ఇవ్వరు. అందుకే 1995 నాటి జీపీఏ కాపీని అమ్మేవారి చేతే తెప్పించుకోవాలి. ‘అంత పాతది ఎక్కడ దొరుకుతుంది’ అంటే ఒప్పుకోకూడదు. 1997 డీడ్‌కు బలం ఆ జీపీఏయే. అందులో అన్నదమ్ములిద్దరూ సంతకం చేశారా, అమ్మే అధికారం రాసి ఇచ్చారా, ఎంత విస్తీర్ణానికి ఇచ్చారు అన్నవి చదివి చూసుకోవాలి. రిజిస్టర్ కాని తాకట్టు కూడా ఈసీకి ఎక్కదు. ఒరిజినల్ డీడ్‌ను బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటే అది తాకట్టే. బ్యాంకుల తాకట్టు వివరాలకు సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్దిపాటి ఫీజుతో వెతకవచ్చు. అయినా అసలు పరీక్ష ఒరిజినల్‌ను చేత్తో పట్టుకుని చూడడమే. పోయిందంటే ఎప్పుడు పోయింది, పోలీసు ఫిర్యాదు ఉందా, పత్రికలో ప్రకటన ఇచ్చారా అని అడగాలి. నాలుగు రోజుల కిందట పెట్టిన ఫిర్యాదు అయితే అనుమానించాల్సిందే.

ఎకరం ఎక్కడిది

ఇక రైతు కొసకు వద్దాం. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్, 1బి. తెలంగాణలో అన్నిటికీ మూలంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీని చూస్తారు. తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఖాస్రా నకలు, ఆ తర్వాత వెంచర్ వేసే ముందూ వెనకా ఉన్న సంవత్సరాల పహాణీలు తీసుకోవాలి. ముప్పై ఏళ్ల పహాణీలూ వరసగా దొరికితే మరీ మంచిది. ప్లాటుకు పహాణీ ఎందుకని మధ్యవర్తులు విసుక్కుంటారు. అయినా వదలొద్దు.

అందులో ముందు చూడాల్సింది భూమి రకం. పట్టా అని ఉంటే ముందుకెళ్లవచ్చు. సర్కారీ, అసైన్డ్, లావుణి పట్టా, ఇనాం, భూదాన్, వక్ఫ్, దేవాదాయం లాంటి మాట ఏ ఏడాది పహాణీలో కనబడినా ఆగాలి. పేదలకు ప్రభుత్వం సాగుకోసం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. దాని మీద వేసిన ప్లాటు ఎన్ని చేతులు మారినా మూలంలోని లోపం మారదు. అలాంటివి రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. ఆ జాబితాను కూడా సర్వే నంబరుతో వెతకవచ్చు. జాబితాలో లేదు కాబట్టి భూమి మంచిదేనని మాత్రం అనుకోవద్దు. ఈరోజు లేని నంబరు రేపు చేరవచ్చు. పాత పహాణీలో కారణం ఉంటే చేరడానికి అవకాశమూ ఉన్నట్టే. రంగారెడ్డి వైపు భూముల్లో రక్షిత కౌలుదారుల సంగతి కూడా అడగాలి. 38ఈ సర్టిఫికెట్ పొందిన కౌలుదారు ఆ భూమికి యజమాని అవుతాడు. పట్టాదారు ఒక్కడి సంతకం అక్కడ చాలదు.

మన ఉదాహరణలో ఖాస్రా నుంచి పట్టాయే. అన్నదమ్ముల తండ్రి పేరు, తర్వాత వాళ్ల పేర్లు, అంతా సజావుగా ఉంది. కానీ 1997-98 పహాణీకి వచ్చేసరికి తమ్ముడి పేరు స్థానంలో అతని భార్య, ముగ్గురు పిల్లల పేర్లు కనబడ్డాయి. విరాసత్ జరిగిందన్నమాట. అంటే ఆయన చనిపోయాడు. ఎప్పుడు? పంచాయతీలో మరణ ధ్రువపత్రం తీస్తే 1996 నవంబరు అని తేలింది. ప్లాటు రిజిస్టరైంది 1997 ఫిబ్రవరిలో. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారం మామూలుగా అక్కడితో ముగుస్తుంది. ఇద్దరిలో ఒకరు చనిపోయాక, ఆయన వాటా మేరకు జీపీఏదారు ఏ అధికారంతో అమ్మాడు?

దీనికి చట్టంలో జవాబులు లేకపోలేదు. జీపీఏదారు భూమి సొమ్మంతా ముందే చెల్లించి ఉంటే, ఆ భూమిలో అతనికి సొంత ప్రయోజనం ఉంటే, మరణంతో అధికారం పోదని వాదించవచ్చు. చావు సంగతి అప్పటి కొనుగోలుదారుకు తెలియదనీ వాదించవచ్చు. కానీ అవన్నీ కోర్టులో వాదించుకోవాల్సిన మాటలు. మన కుటుంబం కొనదలుచుకున్నది ప్లాటును, వాదనను కాదు. ఈసీ ఎన్నిసార్లు తీసినా ఈ లోపం బయటపడేది కాదు. పహాణీలో ఒక్క గడి దాన్ని చూపించింది.

పహాణీలో అదే చోట ఇంకొకటి గమనించాలి. ప్లాట్లన్నీ అమ్ముడైన తర్వాత కూడా రికార్డులో పేర్లు రైతు కుటుంబానివే. తెలంగాణలో చాలా వెంచర్లలో ఇదే పరిస్థితి. ప్లాట్లు కొన్నవాళ్ల పేర్లు రెవెన్యూ రికార్డులోకి ఎక్కలేదు, భూమి వ్యవసాయ భూమిగానే మిగిలిపోయింది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో అలాంటి చోట్ల కొందరు పాత పట్టాదారుల వారసులకు కొత్త పాసుపుస్తకాలు వచ్చాయి. చేతిలో పాసుపుస్తకం ఉంది కాబట్టి ఎప్పుడో గజాల్లో అమ్మేసిన నేలను మళ్లీ ఎకరాల్లో అమ్మినవాళ్లున్నారు. ఆ రెండో అమ్మకం మనం తీసిన ఈసీలో కనబడకపోవచ్చు. 2020 నవంబరు నుంచి తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రార్ దగ్గర కాక తహసీల్దారు దగ్గర, అప్పట్లో ధరణి, 2025 ఏప్రిల్ తర్వాత భూభారతి ద్వారా జరుగుతోంది. కాబట్టి ప్లాటుకు ఈసీ తీసినంత శ్రద్ధగా ఆ సర్వే నంబరును భూభారతిలో కూడా చూడాలి. పాసుపుస్తకం నడుస్తోందా, ఎంత విస్తీర్ణానికి, ఎవరి పేరున, ఈమధ్య చేతులు మారిందా? మొత్తం 4 ఎకరాల 20 గుంటలకూ ఎవరిదో పాసుపుస్తకం ఉంటే, 96 మంది ప్లాటుదారులకూ వాళ్లకూ గొడవ రావడానికి సిద్ధంగా ఉందని అర్థం.

ఎల్‌ఆర్‌ఎస్ కట్టారుగా, ఇంకేం భయం అంటారు. ఎల్‌ఆర్‌ఎస్ అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, ఇల్లు కట్టుకోవడానికి దారి ఇస్తుంది. ఎవరిదీ భూమి అన్నదాన్ని తేల్చదు. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను రసీదులూ అంతే. అవి ఉండడం మంచిదే, కానీ హక్కు పత్రాలు కావు. అలాగే ఆ ఊళ్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడిదాకా ఉందో చూసుకోవాలి. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. అక్కడ ఇల్లు కట్టుకోనివ్వరు. వేసవిలో ఎండిన నేల చూసి నిర్ణయించుకోకుండా వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్కవాళ్లను అడగండి.

నేల మీద, మనిషి ముందు

కాగితాలు చేతిలో పట్టుకుని స్థలానికి వెళ్లాలి. 1997 డీడ్‌లోనూ 2009 డీడ్‌లోనూ చెక్కుబందీలు ఒకటేనా? తూర్పున 30 అడుగుల రోడ్డు అన్నది రెండో డీడ్‌కు పడమటి రోడ్డు అయిందా? 30 అడుగులకు 60 అడుగులంటే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. టేపుతో కొలిస్తే 27 అడుగులే వస్తుంటే పక్క ప్లాటువాళ్ల డాక్యుమెంటూ చూడమని అడగండి. పక్కవాళ్లను ఊరికే పలకరించినా చాలా తెలుస్తుంది: ఈ ప్లాటు చూడ్డానికి ఇంతకుముందు ఎవరెవరు వచ్చారు, ఎవరైనా కడీలు పీకారా, ఏదైనా కేసు నడుస్తోందా. పెండింగ్ కేసు ఈసీలో లేకపోయినా దాని తీర్పు కొన్నవారికీ వర్తిస్తుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీల పేర్లతో వెతకవచ్చు. అమ్మకందారు పేరుతోనే కాకుండా పట్టాదారు కుటుంబం పేర్లతో, వెంచర్ వేసినతని పేరుతో కూడా వెతకండి.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది అమ్మకందారు అసలు మనిషి కాకపోవడం. ఏళ్ల తరబడి ఎవరూ రాని ప్లాటు, యజమాని అమెరికాలోనో, వృద్ధాప్యంలోనో, ఎప్పుడో చనిపోయో ఉంటాడు. మోసగాళ్లు వెతికేది ఇలాంటివే. సేల్ డీడ్ నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరికైనా ఇస్తారు. ఆ నకలు చూసి నకిలీ ఒరిజినల్ తయారుచేస్తారు. ఆ పేరుతో గుర్తింపు కార్డులు పుట్టిస్తారు. వయసు సరిపోయే మనిషిని కూర్చోబెడతారు. ఈసీ అన్ని విధాలా సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఈసీలోని మనిషి నిజమైనవాడే.

దీన్ని పట్టుకోవడానికి సామాన్యులకు ఒక మంచి సాధనం ఉంది. 2001లో వచ్చిన చట్ట సవరణ తర్వాత డీడ్‌లకు కొన్నవారి, అమ్మినవారి ఫొటోలు, వేలిముద్రలు జోడిస్తున్నారు. కాబట్టి 2009 డీడ్ సర్టిఫైడ్ కాపీని అమ్మకందారును అడక్కుండా మీరే ఫీజు కట్టి తీసుకోండి. అందులో అప్పటి కొనుగోలుదారు ఫొటో, సంతకం ఉంటాయి. ఇప్పుడు మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఆ ఫొటోలోని మనిషేనా చూడండి. పదిహేనేళ్ల వయసు తేడాకు జుట్టు, బరువు మారతాయి, ముఖం కట్టు మారదు. ఆయన చూపిస్తున్న ఒరిజినల్‌ను ఈ కాపీతో పేజీ పేజీ పక్కపక్కన పెట్టి చదవండి. స్టాంపు పేపరు నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర, సాక్షుల పేర్లు, తప్పుల దిద్దుబాట్లు అన్నీ కలవాలి.

తర్వాత ఆయన ఇంటికి వెళ్లండి. ఆఫీసులో, హోటల్లో కలిస్తే చాలదు. నిజమైన యజమాని దగ్గర ఆ ప్లాటుకు సంబంధించిన చిన్నాచితకా ఉంటాయి: అప్పట్లో డబ్బు కట్టిన బ్యాంకు పాసుపుస్తకం, కొన్నప్పటి అగ్రిమెంటు, పన్ను రసీదు. 2009లో ఎవరి దగ్గర కొన్నారు, ఆయన ఏం చేసేవారు అని మాటల్లో అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. వీలైతే 1997 డీడ్‌లోని ఆ ఉద్యోగినే వెతికి ‘ఈయనకేనా అమ్మారు’ అని అడగండి. అమ్మకందారును నేరుగా కలవనివ్వకుండా ‘ఆయన పెద్దాయన, ఓపిక లేదు, అన్నీ నేనే చూసుకుంటా’ అనే మధ్యవర్తి ఉంటే అడ్వాన్సు ఇవ్వకండి. డబ్బు ఏదైనా డీడ్‌లో ఉన్న పేరున్న బ్యాంకు ఖాతాకే, చెక్కు లేదా బదిలీ రూపంలోనే వెళ్లాలి. ధర 50 లక్షలు, అంతకంటే ఎక్కువైతే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది కొనేవారే. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ లెక్క వేరు, ఆడిటర్‌ను అడిగి తేల్చుకోండి.

విదేశంలో ఉన్నవాళ్లు జీపీఏ పంపితే అది అక్కడి భారత కాన్సులేట్ లాంటి అధికారి ముందు సంతకమై ఉండాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. వీడియో కాల్‌లో యజమానితో మాట్లాడి, పాస్‌పోర్టు ఫొటోను డీడ్ ఫొటోతో పోల్చుకోండి. రిజిస్ట్రేషన్ రోజున కూడా ఒకసారి మాట్లాడండి. జీపీఏ ఇచ్చినవారు ఆ రోజుకు బతికే ఉన్నారని మీకు తెలియాలి. 1996 నవంబరు కథ మళ్లీ జరగకూడదు. ఎక్కడైనా ‘జీపీఏ మీదే కొనేయండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం’ అంటే వద్దనండి. జీపీఏ వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

మన ఉదాహరణలో అమ్మకందారు నిజమైన మనిషే. ఫొటో కలిసింది, సంతకం కలిసింది, ఒరిజినల్ ఇంట్లోనే ఉంది, భూభారతిలో పాసుపుస్తకం లేదు. మిగిలింది తమ్ముడి వారసుల వాటా. కొనేవాళ్లు అడ్వాన్సుకు ముందే ఆ మాట చెప్పారు. అమ్మకందారు ఊరికి వెళ్లి ఆ కుటుంబంతో మాట్లాడాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు. కూతురిని వదిలేసి కొడుకుల సంతకాలు చాలనుకోవడం ఇక్కడ జరిగే సాధారణమైన పొరపాటు. ఆమెకూ వాటా ఉంది, ఆమె సంతకమూ కావాలి. నలుగురూ 1997 అమ్మకాన్ని ఒప్పుకుంటూ ర్యాటిఫికేషన్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించారు. అందుకైన ఖర్చు అమ్మకందారే పెట్టుకున్నాడు. ఆ తర్వాతే అగ్రిమెంటు రాసుకున్నారు. రెండు దినపత్రికల్లో అభ్యంతరాలు తెలపమని ప్రకటన వేసి పదిహేను రోజులు ఆగారు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే మళ్లీ ఈసీ తీశారు, మధ్యలో ఎవరికైనా రాసిచ్చాడేమోనని. కొత్త సేల్ డీడ్‌లో 1995 జీపీఏ, 1997 డీడ్, 2009 డీడ్‌లతో పాటు ర్యాటిఫికేషన్ డీడ్ నంబరును కూడా లింకు డాక్యుమెంట్ల వరసలో చేర్చి, ఒరిజినల్స్ అన్నీ చేతికి తీసుకున్నారు. మరుసటి వారం ఈసీలో వాళ్ల పేరు కనబడ్డాక ఆ ప్లాటుకు నాలుగు మూలలా కడీలు పాతించారు.